లోడ్లు ఎక్కువైనాయని ఒకేసారి రెండు బండ్లు తీయాలా?

"అన్నా నమస్తే, మాది అనంతపురం. ఒక బొలెరో పికప్ ఉంది, లోన్ అయిపోయింది, నేనే తోలుకుంటా. యార్డ్ నుంచి చీనీ కాయలు, కక్కలపల్లి నుంచి టమాటా బెంగళూరుకి వేస్తా ఉంటా. సీజన్లో లోడ్లు వదులుకోవాల్సి వస్తా ఉంది, అందుకని 14 అడుగుల బండ్లు రెండు తీద్దామని ఉంది. షోరూం వాళ్ళు ఒక్కోదానికి 14 లక్షలు లోన్, 7 శాతం వడ్డీ, 4 ఏండ్లు అంటున్నారు, చేతి నుంచి ఒక్కోదానికి 2 లక్షలు పెట్టాల. పోయేటప్పుడు బాడుగ 9,500 వస్తాది, వచ్చేటప్పుడు దొరికితే 6,000. రెండూ తీయొచ్చా? డ్రైవర్ కి జీతం ఇవ్వాలా, ట్రిప్ లెక్క ఇవ్వాలా?"

తమ్ముడూ, రెండొద్దు. ఒకటి తియ్యి, అది కూడా రిటర్న్ లోడ్ ఎవరిస్తారో తేల్చుకున్నాకే. ఎందుకో లెక్క వేసి చూపిస్తా, నీ బాడుగ నువ్వే చెప్పినావు కాబట్టి సులభంగానే తేలుతాది.

ముందు ఆ 7 శాతం సంగతి. అది ఫ్లాట్ వడ్డీ. అంటే నువ్వు నెలనెలా అసలు తీరుస్తా ఉన్నా వడ్డీ మాత్రం నాలుగేండ్లూ మొత్తం 14 లక్షల మీదే వేస్తారు. 14 లక్షలకి 7 శాతం, నాలుగేండ్లకి 3,92,000, మొత్తం 17,92,000, దాన్ని 48 తో భాగిస్తే నెలకి 37,333. ఇది నిజంగా ఎంత వడ్డీనో తెలుసుకోవాలంటే ఫోన్లో ఎక్సెల్ తెరిచి ఇది కొట్టు:

```
=RATE(48,-37333,1400000)*12
```

దాదాపు 12.7 శాతం చూపిస్తాది. ఇప్పుడు బ్యాంకు వాడు 11 శాతం రెడ్యూసింగ్, అంటే మిగిలిన అసలు మీదే వడ్డీ, అన్నాడనుకో, ఈఎంఐ ఇట్లా చూడు:

```
=PMT(11%/12,48,-1400000)
```

36,183 వస్తాది. వినేదానికి 7 కంటే 11 పెద్దది, కట్టేదానికి చిన్నది. షోరూంలో టేబుల్ దగ్గర కూర్చున్నాయప్ప ఇది చెప్పడు, అడిగితే "అన్నీ ఒకటే సార్" అంటాడు. వాదించకు, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వమను. 2024 అక్టోబర్ నుంచి ఇట్లాంటి లోన్లకి అది ఇచ్చి తీరాలని రిజర్వ్ బ్యాంక్ పెట్టింది, అందులో ఏపీఆర్ అని ఒక శాతం రాసి ఉంటాది, ప్రాసెసింగ్ ఫీజులు గీజులు అన్నీ కలుపుకున్న అసలు రేటు అదే. ఇద్దరు ముగ్గురు ఫైనాన్స్ వాళ్ళ కాగితాలు పక్కపక్కన పెట్టి ఆ ఒక్క అంకె చూసుకుంటే చాలు. మధ్యలో కొంచెం అసలు కట్టుకోనిస్తారా, ముందే క్లోజ్ చేస్తే ఎంత తీసుకుంటారు అని కూడా అదే రోజు అడుగు.

నేనైతే నాలుగేండ్లకి బదులు ఐదేండ్లు పెట్టుకోమంటా. అదే 11 శాతానికి 60 నెలలకి ఈఎంఐ 30,439 కి దిగుతాది. మొత్తం మీద వడ్డీ ఒక 90 వేలు ఎక్కువ పడతాది నిజమే, కానీ నెలకి 5,700 పైన తేలిక అవుతాది, టమాటా లేని నెలల్లో ఆ 5,700 ఎంత పెద్దదో నీకే తెలుస్తాది. సీజన్లో డబ్బులు మిగిలినప్పుడు అసలులోకి కట్టుకోవచ్చు, ఆ వీలు ఉన్న లోనే తీసుకో.

ఇప్పుడు బండి కదిలినా కదలకపోయినా నెల తిరిగేసరికి పోయే ఖర్చు. షోరూం ఈఎంఐతోనే వేద్దాం, 37,300. ఇన్సూరెన్సు, నేషనల్ పర్మిట్, క్వార్టర్లీ టాక్సు, ఫిట్‌నెస్ అన్నీ కలిపి నెలకి 6,500 పక్కన పెట్టుకో, అనంతపురం నుంచి బెంగళూరు అంటే రాష్ట్రం దాటినట్టే కదా, నేషనల్ పర్మిట్ ఫీజే ఏడాదికి 16,500. డ్రైవర్ జీతం 18,000 అనుకుందాం. పార్కింగు, జీపీఎస్, ఫోన్లు 1,200. అంతా కలిపి 63,000. ఇందులో నీ ఇంటి ఖర్చుకి ఒక్క రూపాయి లేదు గుర్తు పెట్టుకో.

ఇది రోజుల లెక్కన పోయే డబ్బు. సంపాదన మాత్రం కిలోమీటర్ల లెక్కన వస్తాది, అది కూడా లోడుతో తిరిగిన కిలోమీటర్లకే. చాలామంది ఇక్కడే తప్పుతారు, "ట్రిప్‌కి 9,500 వస్తాది, డీజిల్ 4,500 పోతాది, 5,000 మిగులు" అని నోటి లెక్క వేసుకుంటారు.

సరే, ఒక ట్రిప్ విడదీసి చూద్దాం. లోడింగ్ పాయింట్, సిటీలో తిరుగుడు అంతా కలిపి రానూపోనూ 450 కిలోమీటర్లు. బండి బరువూ లోడూ కలిపి 7 టన్నుల జీవీడబ్ల్యూ బండి, నాలుగు టన్నుల లోడుతో పోయేటప్పుడు లీటరుకి 8 చిల్లర, ఖాళీగా వచ్చేటప్పుడు 10 ఇస్తాది అనుకుంటే 50 లీటర్లు తాగుతాది. డీజిల్ మన దగ్గర కంటే బాగేపల్లి దాటినాక ఐదారు రూపాయలు తక్కువ, ఏపీలో వ్యాట్ 22.25 శాతం మీద మళ్ళీ లీటరుకి 4 రూపాయలు, రోడ్ సెస్సు ఒక రూపాయి అదనం కాబట్టి ఆ తేడా. కాబట్టి ఇక్కడ బార్డర్ దాకా పోయేంత మాత్రం ఉంచుకుని అక్కడ ఫుల్ కొట్టించుకోవాల. లీటరు 92 లెక్కన 4,600. మరూరు, బాగేపల్లి, అవతల టోల్ కలిపి 900 అనుకో, 24 గంటల్లోపు తిరిగొస్తే ఒక వైపు రేటుకి ఒకటిన్నర రెట్లే పడతాది, లేటయితే రెండు రెట్లు. డ్రైవర్ బత్తా 700. మార్కెట్ గేటు, తాడు, టార్పాలిన్, మామూళ్ళు 400. ఇంక ఎవరూ రాయనిది టైర్లు, సర్వీసు. ఆరు టైర్లు ఒక 60 వేల కిలోమీటర్లకి మార్చాల్సి వస్తాది, ఆ డబ్బు రోజూ రోడ్డు మీద అరుగుతానే ఉంటాది. టైర్లకీ రిపేర్లకీ కలిపి కిలోమీటరుకి 2.50 వేసుకుంటే 1,125. మొత్తం 7,725.

9,500 లో 7,725 పోతే మిగిలేది 1,775. ఖాళీగా వస్తే అంతే.

63,000 కి 1,775 చొప్పున ఎన్ని ట్రిప్పులు కావాల? ముప్పై ఐదు దాటి. నెలకి ముప్పై రోజులే. బండి నిద్రపోకుండా తిరిగి ఇరవై ట్రిప్పులు కొట్టినా 35,500 వస్తాది, ఇంక 27,500 నీ జేబు నుంచో, ఇంట్లో నగల నుంచో పోవాల.

రిటర్న్ లోడ్ పడిందనుకో. 6,000 బాడుగ, బ్రోకర్ కమీషన్ 500, లోడు బరువుకి ఇంకో 5 లీటర్ల డీజిల్ 460, చేతికి దాదాపు 5,000. టోల్, బత్తా, టైర్లు ఎట్లా అయినా పెట్టినవే కాబట్టి ఆ 5,000 మొత్తం మిగులే. అంటే పోయేటప్పుడు వచ్చే 9,500 లో నీకు దక్కేది 1,775, వచ్చేటప్పుడు వచ్చే 6,000 లో దక్కేది 5,000. నువ్వు ఇన్నాళ్ళూ పోయే లోడ్ మీదే కన్ను పెట్టినావు, లాభం అంతా వచ్చే లోడ్ లో ఉంది.

అయితే రిటర్న్ లోడ్ కోసం కాసుకుంటే ట్రిప్‌కి రెండు రోజులు పడతాది. సాయంత్రం కక్కలపల్లిలో లోడ్ చేసుకుని తెల్లారుజామున మార్కెట్ చేరి దించేసరికి ఏడో ఎనిమిదో అవుతాది, అప్పటికి సిటీలో రద్దీ మొదలు, ఆ టైంలో గూడ్స్ బండ్లని తిరగనియ్యరు, పీణ్యాలోనో యశవంతపూర్ లోనో లోడ్ అయ్యేది మధ్యాహ్నం తర్వాతే, రాత్రికి బయలుదేరితే పొద్దున ఇక్కడ అన్‌లోడింగ్. సర్వీసుకి, పండగలకి, డ్రైవర్ సెలవులకి నాలుగు రోజులు తీసేసి నెలకి 26 రోజులు అనుకుంటే 13 ట్రిప్పులు. 13 ట్రిప్పులకి పోయే వైపు మిగులు 23,075. ఇంకా 40 వేలు రావాల, అంటే 13 లో 8 సార్లు రిటర్న్ లోడ్ పడితే బండి తన ఖర్చు తాను పెట్టుకుంటాది. పదిసార్లు పడితే నీకు 10 వేలు, పదమూడూ పడితే 25 వేలు. ఐదేండ్ల లోన్ అయితే 8 బదులు 7 కి గట్టెక్కుతాది.

ఇది ఒక్క బండికి. రెండు తీస్తే నెలకి 26 పోయే లోడ్లు, 16 రిటర్న్ లోడ్లు కావాల, ప్రతి నెలా. సీజన్లో పోయే లోడ్లకి కొదవ లేదు ఒప్పుకుంటా, కానీ టమాటా ధర పడిపోయిన నెల చూసినావు కదా, కోత కూలి కూడా రాదని రైతు చేన్లోనే వదిలేస్తాడు, కోసినాయప్ప కూడా బాడుగలో వెయ్యి తగ్గించమంటాడు. చీనీ అయితే ఢిల్లీ, నాగ్‌పూర్ పోయేదంతా పెద్ద లారీలదే, నీ బండికి దక్కేది దగ్గర ఊర్లదే. ఈఎంఐకి మాత్రం సీజన్, అన్‌సీజన్ తెలీదు.

మరి సీజన్లో వదులుకునే లోడ్లు ఏం చేయాల అంటావా? వదులుకోవద్దు, బయట బండి పెట్టు. ఆటోనగర్ లో లోన్ అయిపోయిన 14 అడుగుల బండ్లు పని లేక నిలబడి ఉంటాయి, లోడ్ వాళ్ళకిచ్చి 500 నుంచి 800 నువ్వు పెట్టుకో. నువ్వు సొంత బండితో కష్టపడి పోయే వైపు మిగిలించుకునేది 1,775 కదా, అందులో పావు నుంచి దాదాపు సగం దాకా ఏ రిస్కూ లేకుండా వస్తా ఉంది. బయటికి ఇచ్చిన ప్రతి లోడూ ఒక పుస్తకంలో తేదీ, సరుకు, ఎక్కడికి, రిటర్న్ లో వాళ్ళకి ఏమైనా దొరికిందా అని రాసి పెట్టు. అన్‌సీజన్ నెల ఒకటి కలిసేట్టు వరసగా మూడు నెలలు, నెలకి పదికి తక్కువ కాకుండా లోడ్లు బయటికి పోయినాయి, నీ మొదటి బండికి రిటర్న్ కూడా ఎనిమిది దాటింది అంటే అప్పుడు రెండోది తియ్యి, అప్పుడు నేను వద్దన్నా వినొద్దు.

పికప్ అమ్మొద్దు. లోన్ లేని బండి, నిలబడినా నీకేం అరవదు. గార్లదిన్నె, నార్పల వైపు తోటల్లోంచి సరుకు తెచ్చి పెద్ద బండికి ఎక్కించడానికి, లోకల్ బాడుగలకి అదే మేలు. పెద్ద బండి కూడా నేనే తోలుకుంటా, 18,000 మిగులుతాది అనుకుంటావేమో. లైసెన్సు ఇబ్బంది లేదు, 7,500 కిలోల జీవీడబ్ల్యూ లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎల్ఎంవీ లైసెన్సు చాలని 2024 నవంబర్ లో సుప్రీంకోర్టు చెప్పింది, థర్డ్ పార్టీ ప్రీమియం కూడా ఆ 7,500 దాటితేనే బాగా పెరుగుతాది కాబట్టి బండి ఎంచుకునేటప్పుడు ఆ అంకె దాటొద్దు. కానీ రాత్రంతా స్టీరింగ్ పట్టుకుని పగలు నిద్రపోయే మనిషికి రిటర్న్ లోడ్ కోసం ఫోన్లు ఎవరు చేస్తారు? మొదటి రెండు నెలలు కావాలంటే నువ్వే తోలు, పీణ్యాలో, యశవంతపూర్ లో, కలాసిపాళ్యంలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల వాళ్ళని ముఖాముఖి కలువు, ఆ తర్వాత దిగిపో.

డ్రైవర్ సంగతి. ఉత్త జీతం ఇస్తే బండి నిలబడినా ఆయనకి బాధ లేదు. ఉత్త ట్రిప్ లెక్క ఇస్తే ఇంకా చెడ్డది, ఎందుకంటే ఆయన లాభం ట్రిప్పుల సంఖ్యలో ఉంటాది, నీ లాభం రిటర్న్ లోడ్ లో ఉంటాది. పీణ్యాలో సాయంత్రం దాకా కాసుకునే బదులు ఖాళీగా వచ్చేసి ఇంకో టమాటా లోడ్ ఎత్తుకుంటేనే ఆయనకి లాభం, "లోడ్ దొరకలేదన్నా" అని ఒక మాట చెప్తే సరిపోయె. అందుకని నెల జీతం, ట్రిప్‌కి బత్తా, ఇవి కాక రిటర్న్ లోడ్ పడిన ప్రతిసారీ 300 చేతిలో పెట్టు. ఆ 5,000 లో 300 పోయినా 4,700 నీకే. ఇంకొకటి, వరసగా రాత్రులు తోలిస్తే ఆయన ఏదో ఒక రోజు డివైడర్ ఎక్కిస్తాడు, నెలకి నాలుగు సెలవులు ఇచ్చి, ఆ రోజుల్లో అవసరమైతే యాక్టింగ్ డ్రైవర్ ని పెట్టుకో. జీతం మీద అడ్వాన్స్ 20 వేలు దాటనియ్యకు, దాటినాక మనిషి ఫోన్ ఎత్తడు.

ఖాళీగా వచ్చినా అని చెప్పి దారిలో సొంతంగా చిన్న లోడ్ వేసుకునేవాళ్ళు ఉంటారు, డీజిల్ తీసి అమ్మేవాళ్ళూ ఉంటారు, అందరూ కాదు. కనిపెట్టేది ఎట్లా అంటే ప్రతి ట్రిప్పూ ఒకే పంపులో, నాజిల్ దానంతట అది కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంక్, బిల్లూ మీటర్ రీడింగూ ఒకే ఫోటోలో వాట్సాప్ చేయమను. పోయినసారి ఫుల్ నుంచి ఈసారి ఫుల్ కి ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు అంతే. ఒక్క ట్రిప్ చూసి మనిషిని అనుమానించొద్దు, ఒకసారి ట్యాంకు కొంచెం తక్కువ నిండొచ్చు, ట్రాఫిక్ లో ఇరుక్కోవచ్చు. కానీ "ఖాళీ" అని రాసిన నాలుగు ట్రిప్పులూ 50 బదులు 55 లీటర్లు తాగినాయంటే బండి ఖాళీగా రాలేదు, లేదా డీజిల్ ఎక్కడో దిగింది. జీపీఎస్ లో యాడ గంటసేపు ఆగిందో చూస్తే ఆ రెండింట్లో ఏదో తెలిసిపోతాది.

బాడీ గురించి అడగలేదు గానీ చెప్తా, రిటర్న్ లోడ్ దానిమీద కూడా ఆధారపడి ఉంటాది. కంటెయినర్ బాడీలో టమాటా ఉడికిపోతాది, ఓపెన్ హైసైడ్ బాడీనే కట్టించుకో. కానీ టమాటా దించినాక ఫ్లోర్ మీద రసం కారి ఉంటాది, ఆ తడి చూస్తే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు వాళ్ళు అట్టపెట్టెలు ఎక్కించనియ్యరు, వాసనకే వెనక్కి పంపిస్తారు. మార్కెట్ లోనే నీళ్ళు కొట్టి కడిగించి, ఎండబెట్టి, పొడి టార్పాలిన్ ఒకటి పరిచి పోవాల, ఆ రెండో టార్పాలిన్ బండిలో ఎప్పుడూ ఉండాల. నాలుగు టన్నుల బండిలో ఐదున్నర వేద్దాం అనే యార్డ్ వాళ్ళ మాట వినొద్దు, ఓవర్‌లోడ్‌కి ఫైన్ 20,000 నుంచి మొదలు, ఆ పైన టన్నుకి 2,000, ఎక్కువైన సరుకు అక్కడే దించిస్తారు, టమాటా రోడ్డు పక్కన దించితే ఏమవుతాదో చెప్పక్కర్లేదు.

చివరగా డబ్బు. రెండు బండ్లకని దాచిన 4 లక్షల్లో 2 ఒక బండికి పెట్టు, మిగిలిన 2 ముట్టుకోవద్దు. రిజిస్ట్రేషన్, బాడీ, పర్మిట్ అయ్యేసరికి మూడు నాలుగు వారాలు ఇట్టే పోతాయి, ఈలోపే మొదటి ఈఎంఐ తేదీ వచ్చేస్తాది. ట్రిప్‌కి డీజిల్, టోల్, బత్తా, మార్కెట్ ఖర్చులు కలిపి 6,600 ముందే చేతి నుంచి పెట్టాల, యార్డ్ బాడుగ చేతికే ఇస్తారు గానీ రిటర్న్ లోడ్ ఆఫీసు వాళ్ళు కొంత అడ్వాన్స్ ఇచ్చి మిగతాది సరుకు ముట్టినట్టు సంతకం పెట్టిన కాపీ చేరినాకే ఇస్తారు, కొందరు నెల తిప్పుతారు. కాబట్టి మూడు ఈఎంఐలు, ఇంకో 50 వేలు రన్నింగ్‌కి ఎప్పుడూ ఉండాల.

బుకింగ్ చేసే ముందు ఒక్క పని చెయ్యి. ఆటోనగర్ లో 14 అడుగుల బండి ఒకటి డ్రైవర్ తో సహా నాలుగైదు ట్రిప్పులకి మాట్లాడుకుని, నీ లోడే వేసి, రిటర్న్ నువ్వే ఫోన్లు చేసి వెతుకు. ఐదులో కనీసం మూడుసార్లైనా రిటర్న్ దొరకకపోతే ఆ ఒక్క బండి కూడా ఇప్పుడు తీయొద్దు. షోరూం వాళ్ళు ఆఫర్ నెలాఖరుకి అయిపోతాది అంటారు, వచ్చే నెల కూడా అదే మాట అంటారులే.